ప్రశ్న లేని డైరీ పేజీకి మార్కులు వేయకండి: అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల ఫ్యాకల్టీకి బహిరంగ లేఖ

అశోక్‌నగర్, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ చుట్టుపక్కల గ్రూప్స్ పాఠాలు చెప్పే సార్లకు, మేడమ్‌లకు, మెంటర్లకు, ఆ సెంటర్లు నడిపే యాజమాన్యాలకు నమస్కారం.

నేను కౌన్సెలర్‌ని. మీ విద్యార్థులు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లలో చాలామంది నాకన్నా ముందు మీలో ఎవరికో ఒకరికి చెప్పుకునే ప్రయత్నం చేసినవాళ్లే. ఆ చెప్పుకోవడం కూడా తరచూ ఒకే రకంగా ఉంటుంది. రాత్రి పొద్దుపోయాక వాట్సాప్‌లో డైరీ పేజీ ఒకటి వస్తుంది. పైన ‘సార్’ అని ఉండదు, కింద ‘ఏం చేయమంటారు?’ అని ఉండదు. పేజీ వచ్చి పడుతుంది, అంతే. దానికి మీరు ఏం జవాబు ఇస్తారన్న దాని గురించే ఈ ఉత్తరం.

ఇలాంటి పేజీ ఒకటి కింద ఇస్తున్నాను. ఇది ఏ ఒక్కరిదీ కాదు. నేను చూసిన చాలా పేజీల ధోరణిని పట్టుకుని, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కూర్చినది.

“రూమ్‌ల ఉన్నోళ్లిద్దరు దసరాకు ఊరికి పోయిన్రు. నాకు పోబుద్ధి కాలే. పోతే అమ్మ ఏమడగది, గదే కష్టం. మెస్సుల అన్నం పెట్టుకున్న గని తినలే. బుక్కు తెరిస్తే అక్షరాలు కనబడుతున్నయ్, లోపలికి పోతలేవు. ఏడుపు గుడ వస్తలేదు. చెల్లె పెండ్లి నా వల్లనే ఆగింది. నేను లేకపోతే ఇంట్ల ఒక లెక్క తేలుతది. పాలిటీ నోట్స్ జూనియర్‌కు ఇచ్చేసిన. రేపటి తారీఖు వేసిన గని ఏం రాయాలో తెలుస్తలేదు.”

మీరు రోజూ మెయిన్స్ ఆన్సర్ షీట్లు దిద్దుతారు. ఉపోద్ఘాతం ఎలా ఉంది, పాయింట్లు ఏం తప్పాయి, ముగింపు బలహీనంగా ఉందా అన్నది మీ చేతికి అలవాటైన పని. ఈ పేజీని కూడా అదే చేత్తో పట్టుకుంటున్నారన్నదే నా బాధ. పేజీ చదవగానే ఒక సార్ ఇలా రాస్తారు: “నీ ప్రాబ్లం నోటిఫికేషన్ టెన్షన్. దానికి తోడు ఫ్యామిలీ ప్రెషర్. ఈ రెండిటినీ వేరు చేసి చూడు.” అందులో తప్పేమీ లేదు. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసిన పిల్లలకు 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2023 ఆగస్టులో జరగాల్సిన గ్రూప్-2 వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబరులో జరిగింది. ఆ నెలల్లో ఈ వీధుల్లో రూమ్ అద్దె కడుతూ కూర్చున్నవాళ్లకు ఏమైందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కాని ఆ కారణం అతనికి మీకన్నా బాగా తెలుసు. తెలిసిన కారణాన్నే మీరు మళ్లీ చెబితే అతనికి వినిపించేది ఒక్కటే: సార్‌కు నా కేసు అర్థమైపోయింది, ఇక మాట్లాడేదేమీ లేదు. “అవును సార్, థాంక్యూ సార్” అని పెడతాడు. మీరు సమస్య తీరిందనుకుని పడుకుంటారు.

ఆ పేజీలో ప్రశ్న ఎందుకు లేదో ఒక్కసారి ఆలోచించండి. అడగాలంటే జవాబు ఉంటుందన్న నమ్మకం ఎంతో కొంత ఉండాలి. నిరాశ బాగా ముదిరినప్పుడు ముందుగా పోయేది ఆ నమ్మకమే. అడగలేని స్థితిలో ఉన్న మనిషి, రాసుకున్నదాన్ని మాత్రం ఇంకొకరి చేతిలో పెట్టగలిగాడు. ఆ రాత్రి అతనికి మిగిలిన ఓపిక అంతే కావచ్చు. అందుకే “నా నుంచి ఏం కావాలి?” అని అడిగితే పాపం అతను చెప్పలేడు. “ఎందుకిలా అనిపిస్తోంది?” అన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. మనం ప్రేమతో అడిగినా అవతల అది సంజాయిషీ నోటీసులా దిగుతుంది.

విశ్లేషణ కన్నా చెడ్డ జవాబులు కూడా ఉన్నాయి. “బాగా రాశావ్ తమ్ముడూ, నీలో రచయిత ఉన్నాడు” అనేది ఒకటి. “మీ అమ్మ గురించి ఆలోచించు, ఆమె ఎంత కష్టపడిందో” అనేది మరొకటి. ఈ రెండోది నాకు బాగా భయం. ఆ పేజీ ఇంకోసారి చదవండి. అతను అమ్మ గురించి తప్ప ఇంకేమీ ఆలోచించడం లేదు. తాను ఇంటికి భారమైపోయానని అప్పటికే తేల్చుకున్న మనిషికి అమ్మ కష్టాన్ని గుర్తు చేయడమంటే ఆ భారాన్ని ఇంకాస్త పెంచడమే.

మరి ఏం రాయాలి? నేనైతే ఇలా రాస్తాను: “చదివిన తమ్మీ, మొత్తం చదివిన. నాకు పంపినవ్, మంచి పని చేసినవ్. ఏడుపు గుడ వస్తలేదన్న కాడ నాకు మస్తు బాధయింది. ఇప్పుడే ఏం జవాబియ్యకున్నా పర్లేదు. నేను ఇక్కడనే ఉన్న.”

ఇందులో సలహా లేదు, కారణం లేదు, ధైర్యవచనం లేదు. చదివానని ఉంది. పంపడం తప్పు కాదని ఉంది. అతని మాటల్లో ఒకటి, అతని మాటల్లోనే తిరిగి ఉంది. మొత్తం పేజీని సారాంశంగా చెప్పకుండా ఒక్క వాక్యం పట్టుకోవడానికి కారణం ఉంది. సారాంశం చెబితే పైనుంచి చూసినట్టు ఉంటుంది, ఒక్క వాక్యం దగ్గర ఆగితే పక్కన కూర్చుని చదివినట్టు ఉంటుంది. ఏ వాక్యం పట్టుకోవాలన్నది మీకే తెలుస్తుంది. పరీక్షకో పెళ్లికో సంబంధించిన విషయం కన్నా, అతని లోపల ఎలా ఉందో చెప్పే వాక్యం మంచిది. మీ మాతృభాష ఏ యాసైనా సరే, అతని మాటను మాత్రం గ్రాంథికం చేయకండి.

జవాబు ఎంత త్వరగా ఇవ్వాలి అంటే, చూసిన వెంటనే. నీలం టిక్కులు పడి గంట గడిస్తే అతను దానికి సొంతంగా అర్థం చెప్పుకుంటాడు. మీరు బండి మీద ఉంటే “చూసిన, పది నిమిషాల్ల ఇంటికి పోయి మొత్తం చదివి రాస్త” అనండి. అలా అన్నాక పది నిమిషాల్లో రాయండి.

ఇంత వరకు చేస్తే సగమే అయినట్టు. మిగతా సగానికి చాలామంది సార్లు వెనకాడతారు. ఆ పేజీలో మూడు చోట్ల నా కన్ను ఆగింది. నేను లేకపోతే లెక్క తేలుతుందన్న మాట ఒకటి. నోట్స్ ఇచ్చేయడం రెండు. ప్రిపరేషన్‌లో ఉన్నవాడు రెండేళ్లు కష్టపడి రాసుకున్న నోట్స్‌ని ఊరికే ఇవ్వడని మీకు నాకన్నా బాగా తెలుసు. రేపటి తారీఖు కింద ఖాళీ మూడోది. వేరే పేజీల్లో ఇది ఇంకో రూపంలో ఉంటుంది. మెస్ బాకీ, స్నేహితుల దగ్గర చేబదుళ్లు అన్నీ ఒక్క రోజున తీర్చేయడం, అందరికీ క్షమాపణలు చెప్పడం, నెలలుగా నలిగిపోతున్న మనిషి ఒక్కసారిగా తేలికపడ్డట్టు కనిపించడం. ఈ గుర్తులు ఉన్నంత మాత్రాన అనుకున్నదే నిజమని కాదు. అవేమీ లేకపోతే ప్రమాదం లేదని కూడా కాదు. అడిగితే తప్ప తెలియదు.

కాబట్టి అడగండి. అతను “సారీ సార్, ఈ టైంల డిస్టర్బ్ చేసిన” అని పెట్టాడనుకుందాం. మీరు: “ఏం డిస్టర్బ్ లేదు. ఒక్కటి సూటిగ అడుగుత, ఏమనుకోకు. సచ్చిపోవాలె అని అనిపిస్తున్నదా?” డొంకతిరుగుడుగా “పిచ్చి పిచ్చి ఆలోచనలేం పెట్టుకోలేదు కదా?” అంటే అతను లేదనే అంటాడు. ఆ ప్రశ్నలోనే లేదనమన్న ఆజ్ఞ ఉంది. ఇక అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అన్న భయం మనందరికీ ఉంది. పరిశోధకులు దీన్ని పలుమార్లు పరీక్షించి చూశారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టినట్టు గాని పెరిగినట్టు గాని తేలలేదు. అడిగాక కాస్త ఊపిరి ఆడినట్టు ఉందని చెప్పేవాళ్లే నాకు ఎక్కువగా కనిపిస్తారు. పొరపాటున అడిగారే అనుకోండి, “అట్లేం లేదు సార్” అంటాడు, ఇద్దరికీ కాస్త ఇబ్బంది, అంతే.

అతను “అప్పుడప్పుడు” అన్నాడు. కాసేపటికి “రోజూ” అన్నాడు. ఇక్కడ ఉలిక్కిపడి ఉపన్యాసం మొదలుపెట్టకండి. “చెప్పినవ్, మంచిగైంది. ఈ రాత్రికే ఏమన్న చేసుకోవాలని ఉన్నదా?” అని ఒక్క ప్రశ్న, మళ్లీ ఆగండి. జవాబు ‘తెల్వదు సార్’ అని వస్తే దాన్ని ఉన్నట్టే లెక్క వేయండి. అప్పుడిక టైపు చేయడం ఆపి ఫోన్ చేయాలి. “మాట్లాడకున్నా సరే, లైన్ మీద ఉండు” అంటే చాలు. దగ్గర ఏమన్నా పెట్టుకున్నాడేమో అడగండి, పెట్టుకున్నానంటే వివరాల్లోకి పోవద్దు. ఆ గదిలోంచి బయటికి వచ్చి కారిడార్‌లోనో పక్క రూమ్‌లోనో కూర్చోమనండి. ఆ వస్తువును వేరేవాళ్లు తీసేస్తారు. తర్వాత పక్కన ఎవరు ఉండగలరో చూడాలి. పండగకి ఊరికి పోని వాళ్లు హాస్టల్లో ఎవరో ఒకరు ఉంటారు. “పక్క రూమ్ వాళ్లను నీ దగ్గరికి రమ్మంటున్న” అని అతనికి ముందు చెప్పి, తర్వాత వాళ్లను పిలవండి. అతని వెనక నుంచి పిలిస్తే ఇంకెప్పుడూ ఎవరికీ పేజీ పంపడు.

మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలి మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నంబరు పంపి “కాల్ చెయ్” అని వదిలేయకండి. పేజీలో ప్రశ్న కూడా రాయలేకపోయిన మనిషి కొత్త నంబరుకు ఫోన్ చేసి, మెనూ విని, మొదటినుంచి చెప్పుకోగలడా? మీరే కలపండి, కాన్ఫరెన్స్‌లో ఉండండి, మొదటి రెండు మాటలు మీరు చెప్పండి. ఇప్పుడే ప్రాణాపాయం ఉందనిపిస్తే 112కు చేయండి, లేదా ఇద్దరు కలిసి దగ్గర్లోని పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. గాంధీ ఆసుపత్రి ఇక్కణ్నుంచి దూరమేమీ కాదు. ఆ రాత్రి గడిచాక ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికో మరో సైకియాట్రిస్టు దగ్గరికో ఎవరైనా వెంట వెళ్లాలి. మందులు, చికిత్స వాళ్ల పని. ఒక్క రాత్రి బాగా మాట్లాడితే డిప్రెషన్ తగ్గిపోదు.

పోలీసు కేసు అవుతుందేమో అని యాజమాన్యాలు చెవిలో వేస్తుంటాయని విన్నాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం సంరక్షణ చూడాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్నే నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షన్ లేదు. సాయం కోసం ఫోన్ చేసిన పిల్లవాడు నేరస్తుడు కాడు, అతని పక్కన కూర్చున్న సార్ అసలే కాదు.

ఇంకో చిక్కు ఉంది. దీన్ని ఎవరూ పైకి అనరు. పేజీ పంపింది అమ్మాయి, చదివింది మగ మెంటర్, టైం పదకొండున్నర. ఫోన్ చేస్తే ఏమనుకుంటారో అని పొద్దున చూద్దాంలే అనుకుంటారు. మెసేజీకి జవాబు మీరే వెంటనే ఇవ్వండి. ఫోన్ అవసరమైతే మేడమ్ ఒకరినో, హాస్టల్ వార్డెన్‌నో లైన్‌లోకి తీసుకోండి. సంకోచం ఉండటం సహజం, పొద్దున దాకా ఆగడానికి మాత్రం అది చాలదు.

ఆ పేజీ స్క్రీన్‌షాట్‌ను స్టాఫ్ గ్రూపులో పెట్టకండి. ‘జాగ్రత్త కోసమే’ పెట్టామంటారు. గంటలో అది హాస్టల్ దాకా పోతుంది. అలాగని “ఎవరికీ చెప్పను” అని మాట కూడా ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. “నీ ప్రాణానికి సంబంధించింది అయితే ఒకరిద్దరికి చెప్పాల్సి వస్తది, ఎవరికి చెప్తున్ననో నీకు చెప్పే చెప్త” అనండి. ఇంటివాళ్లకు చెప్పే విషయంలోనూ అంతే. అర్ధరాత్రి తండ్రికి ఫోన్ చేసి భయపెడితే, ఆయన పాలమూరు నుంచో ఆదిలాబాద్ నుంచో బస్సెక్కి వచ్చి చేసే మొదటి పని కొడుకును తిట్టడం కావచ్చు. ఏం చెప్పాలి, అమ్మకా అక్కకా ఎవరికి చెబితే మేలు అన్నది అతన్నే అడిగి చేయండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఈ మర్యాదలన్నీ పక్కన పెట్టండి.

ఇదంతా చదువుకున్న కౌన్సెలర్లు చేయాల్సిన పని కదా, పాఠాలు చెప్పుకునే మాకెందుకు అని మీరు అనుకోవచ్చు. లండన్‌లో చాడ్ వారా అనే చర్చి ఫాదర్ 1953లో ఇలాంటివాళ్ల కోసం ఒక ఫోన్ లైన్ పెట్టాడు. తానే సలహాలు చెప్పేవాడు. ఆయన కోసం ఎదురు చూస్తూ బయట కూర్చున్న వాళ్లకు మామూలు వలంటీర్లు టీ ఇచ్చి కబుర్లు వినేవాళ్లు. కొంతకాలానికి ఆయన గమనించిందేమిటంటే, వాళ్లతో మాట్లాడాక చాలామందికి ఇక తన దగ్గరికి రావాల్సిన పని ఉండటం లేదు. మరుసటి ఏడాదే వినే పని మొత్తం వాళ్లకు అప్పగించాడు. సమారిటన్స్ సంస్థ అలా పుట్టింది. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్లను వినే లైన్లు ప్రపంచంలో చాలాచోట్ల ఆ పద్ధతినే పట్టుకున్నాయి.

మర్నాటి సంగతికి వస్తాను, ఎక్కువమంది తప్పేది అక్కడే. రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో ఉన్న సార్, పొద్దున క్లాసులో అతన్ని చూసి కూడా ఏమీ ఎరగనట్టు వెళ్లిపోతారు. ఇబ్బంది పెట్టకూడదని సార్ అనుకుంటారు. నన్ను చూసి తప్పుకుంటున్నాడని పిల్లవాడు అనుకుంటాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు 1969లో మొదలుపెట్టిన పని ఒకటి ఉంది. నిరాశతోనో ఆత్మహత్య ఆలోచనతోనో ఆసుపత్రిలో చేరి, ఇంటికి పోయాక చికిత్స వద్దన్న 843 మందిని చీటీలు వేసినట్టు రెండు భాగాలు చేశాడు. ఒక భాగానికి అయిదేళ్లలో 24 చిన్న ఉత్తరాలు వెళ్లాయి, మొదట నెలకొకటి, తర్వాత మెల్లగా దూరం పెంచుతూ. ఉత్తరంలో ఉండేది దాదాపు ఇంతే: మీరు ఇక్కడ ఉండి వెళ్లి కొన్నాళ్లయింది, బాగున్నారనుకుంటున్నాం, మీకు రాయాలనిపిస్తే సంతోషిస్తాం. మందు వేసుకుంటున్నారా అని లేదు, అపాయింట్‌మెంట్ లేదు, జవాబు ఇవ్వాలని లేదు. ఉత్తరాలు అందినవాళ్లలో ఆత్మహత్యలు రెండో భాగంలో కన్నా తగ్గాయి. మొదటి రెండేళ్లలో ఆ తేడా గట్టిగా కనిపించింది. తర్వాత వేరేవాళ్లు చేసిన అధ్యయనాలన్నిటిలో ఇంత స్పష్టంగా రాలేదు, అది కూడా చెప్పాలి. కాని చూడండి, ఉత్తరం రాయడానికి ఎంత ఖర్చు?

మీరు మర్నాడు పెట్టాల్సింది కూడా అంతే. “పొద్దుగాల చాయ్ తాగినవా? నిన్నటి సంగతి మాట్లాడాలనేం లేదు, ఊకెనే అడిగిన.” మూడు రోజులకు ఇంకోటి. వారానికి ఇంకోటి. టెస్ట్ సిరీస్‌కు ఎందుకు రాలేదన్నది దాంట్లో కలపకండి. అది కలిపిన రోజున అది అటెండెన్స్ మెసేజీ అయిపోతుంది. జవాబు రాకపోయినా పంపండి. అయితే ఆ పేజీ వచ్చిన రాత్రే జవాబులు ఆగిపోతే మాత్రం ఎదురు చూడొద్దు. ఒకసారి ఫోన్ చేసి, ఎత్తకపోతే వెంటనే హాస్టల్‌లో ఎవరినైనా తలుపు కొట్టమనండి.

యాజమాన్యాలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది కొంత ఉంది. రాత్రి పేజీ వస్తే ఎవరికి చెప్పాలో మీ మెంటర్లకు ఇప్పుడు తెలియదు. ఇద్దరి పేర్లు నిర్ణయించండి, ఒకరైనా మహిళ ఉండాలి. మీ పిల్లలు ఎక్కువగా ఉండే హాస్టళ్ల ఇన్‌చార్జిల నంబర్లు వాళ్ల ఫోన్లలో ఉండాలి. పైన రాసిన సూటి ప్రశ్నను స్టాఫ్ మీటింగ్‌లో ఒకరినొకరు నోరారా అడిగి చూసుకోమనండి. మొదటిసారి అందరికీ నోరు తిరగదు, నవ్వొస్తుంది, అది అక్కడే అయిపోవాలి. ఇక ఒక మెంటర్ ఒక పిల్లవాడి కోసం రాత్రంతా మేలుకుంటే, మర్నాడు ఏడు గంటల కరెంట్ అఫైర్స్ క్లాసు ఇంకొకరికి వేయండి. ఆయన కూడా ఎవరికైనా చెప్పుకోవాలి, 14416 ఆయనకూ పనిచేస్తుంది.

ఇట్లు,
మీ వీధిలోనే పనిచేసే ఒక కౌన్సెలర్